తరుగుదలకు రెండు పట్టికలు కావాలి: రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీకి బహిరంగ లేఖ

ఈపూరు, పల్నాడు జిల్లా

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ కన్వీనర్ గారికి,



మిరపను నమ్ముకొని పల్నాడులో శీతల గిడ్డంగి కట్టదలచిన సంస్థలు టర్మ్ లోన్ కోసం సమర్పించే ప్రాజెక్టు రిపోర్టుల్లో తరుగుదలకు ఒకే పట్టిక ఉండటం, ఆ ఒక్క పట్టిక ఆధారంగానే లాభనష్టాలూ, ఆదాయపు పన్నూ, అప్పు తీర్చే స్తోమతా లెక్కకట్టడం తరచుగా కనిపించే లోపం. ఆ పట్టిక సాధారణంగా స్థిర వాయిదాల పద్ధతిలో ఉంటుంది. అంటే యంత్రం ఖరీదును అది పనిచేసే ఏళ్ల సంఖ్యతో భాగించి, ఏటా ఒకే మొత్తాన్ని ఖర్చుగా రాస్తారు. ఆదాయపు పన్ను శాఖ మాత్రం ఆ లెక్కను ఒప్పుకోదు. పన్ను కోసం వేరొక పద్ధతిలో, వేరొక వేగంతో తరుగుదల లెక్కించాలి కాబట్టి, రిపోర్టులో చూపిన పన్ను ఆ సంస్థ నిజంగా కట్టబోయే పన్ను కాదు. పన్ను తప్పయినప్పుడు దానికి దిగువన ఉన్న నగదు ప్రవాహాల వరుస అంతా తప్పవుతుంది. ఈ తేడా ఎంత, అది ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గుతుంది, ఏ సందర్భంలో పూర్తిగా మాయమవుతుంది అన్న విషయాలను ఒక ఉదాహరణతో కమిటీ ముందుంచి, రిపోర్టు నమూనాలో ఒక మార్పును కోరడం ఈ లేఖ ఉద్దేశం.

తరుగుదల అనేది నగదు ఖర్చు కాదన్నది బ్యాంకర్లకు చెప్పనక్కరలేని సంగతి. యంత్రానికి డబ్బు కొన్నరోజే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏటా పుస్తకాల్లో రాసే తరుగుదల వల్ల గల్లా పెట్టెలోంచి ఒక్క రూపాయి కూడా బయటికి పోదు. అయితే ఆ రాత వల్ల పన్ను లెక్కకు వచ్చే ఆదాయం తగ్గుతుంది, ఆ మేరకు కట్టవలసిన పన్ను తగ్గుతుంది, అలా మిగిలిన పన్ను మాత్రం నిజమైన నగదే. ఈ మిగులునే ఆర్థికశాస్త్ర గ్రంథాలు పన్ను కవచం అంటాయి. ఒక ఏడాది తరుగుదలను పన్ను రేటుతో హెచ్చవేస్తే ఆ ఏడాది పన్ను ఆదా వస్తుంది. పది లక్షల తరుగుదల మీద 31.2 శాతం పన్ను రేటున ఆదా 3.12 లక్షలు. ప్రాజెక్టు విలువ కట్టేటప్పుడు తరుగుదలకు ఉన్న పాత్ర ఇంతే గనుక, లెక్కలోకి రావలసింది పన్ను చట్టం అనుమతించే తరుగుదలే తప్ప సంస్థ పుస్తకాల్లో రాసుకున్నది కాదు.

ఆ చట్టం ఏమంటుందో చూడాలి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయమై సెక్షన్ల సంఖ్యలు మారినప్పటికీ, తరుగుదల లెక్క స్వరూపం పాతదే కావటం వల్ల, అందరికీ అలవాటైన 1961 చట్టం సంఖ్యలనే ఇక్కడ వాడటం సులువు. ఆ చట్టం 32వ సెక్షన్ ప్రకారం సాధారణ యంత్రాలకు తరుగుదల రేటు 15 శాతం, పద్ధతి తగ్గుతున్న నిల్వలది. అంటే ఏటా 15 శాతాన్ని మొదటి ఖరీదు మీద కాకుండా అప్పటికి మిగిలి ఉన్న విలువ మీద లెక్కిస్తారు. భవనాలకు రేటు సాధారణంగా 10 శాతం. భూమికి తరుగుదలే లేదు. ఒకే రేటు వర్తించే ఒకే తరగతి ఆస్తులన్నిటినీ బ్లాక్ అనే ఒక సముదాయంగా కలిపి లెక్కిస్తారు కాబట్టి, గిడ్డంగిలోని అమ్మోనియా కంప్రెసరు, కండెన్సరు, జనరేటరు విడివిడిగా కాక ఒక్క మొత్తంగా తరుగుతాయి.

ఇప్పుడు ఈపూరు పరిసరాల్లో ఒక భాగస్వామ్య సంస్థ మిరప టిక్కీలు నిల్వచేసే గిడ్డంగి కడుతోందనీ, అందులో యంత్రాల ఖరీదు కోటి రూపాయలనీ అనుకుందాం. భవనం లెక్క కూడా ఇదే దారిలో నడుస్తుంది గనుక ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టవచ్చు. ఆదాయం కోటి దాటని భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం. యంత్రాల జీవితకాలం 15 ఏళ్లు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు సాధారణ యంత్రాలకు సూచించేది ఇంతే, భాగస్వామ్య సంస్థలను అది కట్టడి చేయకపోయినా ఉదాహరణకు సరిపోతుంది. చివర మిగిలే విలువను సున్నాగానూ, పన్ను ఆదా ప్రతి ఏడాది చివర చేతికి వచ్చినట్లుగానూ, భవిష్యత్తు రూపాయిని నేటి రూపాయిగా మార్చే డిస్కౌంటు రేటును 12 శాతంగానూ తీసుకోవాలి.

స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా తరుగుదల 6.67 లక్షలు, దానిమీద పన్ను ఆదా ఏటా 2.08 లక్షలు. పదిహేనేళ్లలో మొత్తం ఆదా 31.2 లక్షలు, 12 శాతం రేటున దాని ప్రస్తుత విలువ 14.17 లక్షలు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మొదటి ఏడాది తరుగుదల 15 లక్షలు, రెండో ఏడాది 12.75 లక్షలు, మూడో ఏడాది 10.84 లక్షలు, ఇలా దిగుతూ పోతుంది; మొదటి ఏడాది పన్ను ఆదా 4.68 లక్షలతో మొదలై ఐదో ఏటికి 2.44 లక్షలకు తగ్గుతుంది. ఆరో ఏడాదికి రెండు పద్ధతుల్లో తరుగుదల దాదాపు సమానమై, అక్కడి నుంచి చట్టపు లెక్క స్థిర వాయిదా కంటే కిందికి జారుతుంది. పదిహేనేళ్లు పూర్తయ్యేసరికి చట్టం అనుమతించిన మొత్తం తరుగుదల 91.26 లక్షలే, అంటే పన్ను ఆదా 28.47 లక్షలే, ఇంకా 8.74 లక్షల విలువ బ్లాక్‌లో మిగిలే ఉంటుంది. అయినా ఆ 28.47 లక్షల ప్రస్తుత విలువ 17.06 లక్షలు.

ఈ రెండు జతల అంకెలను కమిటీ పక్కపక్కన పెట్టి చూడాలి. కూడికలో తక్కువైన ఆదా విలువలో ఎక్కువైంది. పన్నులో ఒక్క రూపాయి కూడా అదనంగా మాఫీ కాలేదు. సంస్థ తొలి ఏళ్లలో తక్కువ పన్ను కట్టి, మలి ఏళ్లలో ఎక్కువ కడుతోంది. వడ్డీ లేకుండా ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకొని మెల్లగా తీర్చడంతో సమానమైన ఈ వెసులుబాటు విలువే కోటికి 2.89 లక్షలు. అందువల్ల ఆ విలువ డిస్కౌంటు రేటు మీదే ఆధారపడుతుంది. రేటు 8 శాతమైతే స్థిర వాయిదాల ఆదా విలువ 17.80 లక్షలు, తగ్గుతున్న నిల్వలది 19.79 లక్షలు; తేడా రెండు లక్షలకు కాస్త తక్కువ. రేటు పెరిగేకొద్దీ, మామూలుగా వాడుకలో ఉండే రేట్ల మేరకు, రెండు విలువలూ తగ్గుతాయి గాని వాటి మధ్య దూరం పెరుగుతుంది. అప్పు ఖరీదైన చిన్న సంస్థకే తరుగుదల వేగం ఎక్కువ విలువైనదని దీని అర్థం; తప్పు పట్టిక వల్ల ఎక్కువ నష్టపోయేదీ ఆ సంస్థే.

ఈ లెక్కను తనిఖీ చేయడానికి పెద్ద పట్టిక కూడా అవసరం లేదు. ఖరీదును తరుగుదల రేటుతోనూ పన్ను రేటుతోనూ హెచ్చవేసి, తరుగుదల రేటూ డిస్కౌంటు రేటూ కలిపిన మొత్తంతో భాగిస్తే, తరుగుదల ఎన్నేళ్లయినా అలాగే కొనసాగుతుందనుకున్నప్పుడు వచ్చే ఆదా విలువ తేలుతుంది. కోటిని 0.15తో, 0.312తో హెచ్చవేసి 0.27తో భాగిస్తే 17.33 లక్షలు. పదిహేనేళ్ల లెక్కకూ దీనికీ తేడా పాతిక వేల పైచిలుకే. బ్రాంచి అధికారి బల్ల మీదే ఈ గణితం చేసి, రిపోర్టులోని అంకె దీనికి దూరంగా ఉంటే కారణం అడగవచ్చు.

అప్పు తీర్చే స్తోమత విషయానికి వస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏటా పన్ను లెక్కకు సరిపడా ఆదాయం ఉంటే మొదటి ఐదేళ్లలో చట్టపు తరుగుదల 55.63 లక్షలు, స్థిర వాయిదాల తరుగుదల 33.33 లక్షలు, ఆ తేడా మీద పన్ను 6.96 లక్షలు. టర్మ్ లోన్ వాయిదాలు బరువుగా ఉండే ఏళ్లు కూడా ఇవే. ఒకే పట్టిక ఉన్న రిపోర్టు ఈ దాదాపు ఏడు లక్షల నగదును లేనట్లు చూపి, వాయిదాలకు ఎదురుగా మిగిలే సొమ్మును తక్కువ చేసి, నిలబడగల ప్రతిపాదనను కూడా అంచున ఉన్నదానిలా కనబరుస్తుంది. మరోవైపు ఆరో ఏడు దాటాక పన్ను రిపోర్టులో చూపినదానికంటే ఎక్కువ పడుతుంది గనుక, రుణకాలం పొడిగించిన ఖాతాల్లో చివరి వాయిదాలకు ఇదే పట్టిక లేని నగదును ఉన్నట్లు చూపుతుంది. తప్పు ఎప్పుడూ జాగ్రత్త వైపే ఉంటుందన్న భరోసా అందుకే చెల్లదు.

ఇంతవరకూ చెప్పిన లెక్కకు ఒక షరతు ఉంది: తరుగుదలను మింగగలిగినంత ఆదాయం ఆయా ఏళ్లలో ఉండాలి. శీతల గిడ్డంగి విషయంలో ఈ షరతే అసలు చిక్కు. ఎందుకంటే చట్టం ఈ వ్యాపారానికి సాధారణ తరుగుదలను మించిన వేగాన్ని ఇచ్చింది. 35ఏడీ సెక్షన్ ప్రకారం, 2009 ఏప్రిల్ 1 తర్వాత కొత్తగా స్థాపించి నడిపే శీతల నిల్వ సదుపాయాలకు, భూమి మినహా మూలధన వ్యయాన్నంతా తొలి ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవచ్చు. వ్యాపారం ప్రారంభం కాకముందు పెట్టిన ఖర్చును, ప్రారంభ తేదీన పుస్తకాల్లో మూలధనంగా నమోదు చేసి ఉంటే, ప్రారంభమైన ఏడాదిలోనే తీసుకోవచ్చు. కొంతకాలం ఈ మినహాయింపు 150 శాతంగా కూడా ఉండి, తర్వాత 100 శాతానికి వచ్చింది. ఇది తరుగుదల వేగానికి చివరి మెట్టు. కోటి రూపాయలూ మొదటి ఏడాదే ఖర్చయితే పన్ను ఆదా 31.2 లక్షలు, ఏడాది చివర వచ్చే ఆ మొత్తం ప్రస్తుత విలువ 27.86 లక్షలు. స్థిర వాయిదాలతో వచ్చిన 14.17 లక్షలకు ఇది దాదాపు రెట్టింపు. కొందరు ఆడిటర్లు రిపోర్టుల్లో ఈ అంకెనే చూపి ప్రాజెక్టును బంగారంలా కనబరుస్తారు.

అయితే కొత్త గిడ్డంగికి మొదటి ఏడాదే కోటి రూపాయల లాభం ఎక్కడిది? తరుగుదల తీయకముందు, వడ్డీ పోను, ఆ గిడ్డంగి ఏటా 12 లక్షలు మిగిల్చుకుంటుందని అనుకుందాం. మొదటి ఏడాది కోటిలో 12 లక్షలే ఆదాయానికి ఎదురు నిలుస్తాయి; మిగిలిన 88 లక్షలు నష్టంగా ముందుకు సాగుతాయి. అలా ఏటా 12 చొప్పున ఎనిమిదేళ్లూ, తొమ్మిదో ఏట 4 లక్షలూ కరిగి కోటి పూర్తవుతుంది. ఆ పన్ను ఆదా ప్రస్తుత విలువ 27.86 లక్షల నుంచి 19.05 లక్షలకు పడిపోతుంది. అదే ఆదాయంతో సాధారణ తగ్గుతున్న నిల్వల తరుగుదల తీసుకుంటే మొదటి మూడేళ్లలో కొద్దికొద్దిగా మిగిలిపోయిన తరుగుదల నాలుగో ఏటికల్లా సర్దుబాటై, ఆదా విలువ 17.06 నుంచి 16.81 లక్షలకు మాత్రమే తగ్గుతుంది. స్థిర వాయిదా 6.67 లక్షలే కాబట్టి అది 12 లక్షల ఆదాయంలో పూర్తిగా ఇమిడి, 14.17 లక్షల వద్దే ఉంటుంది. కాగితం మీద 13.69 లక్షలుగా కనిపించిన అంతరం, ఆదాయాన్ని లెక్కలోకి తెచ్చేసరికి 4.88 లక్షలైంది. భవనం ఖర్చునూ 35ఏడీ కిందికి తెస్తే మింగవలసిన మొత్తం ఇంకా పెద్దదై, ఆదా ఇంకా దూరపు ఏళ్లకు జరుగుతుంది.

ఇక్కడ చట్టం పెట్టిన మరొక గీతను గమనించకపోతే ఎంపికే తారుమారవుతుంది. 32వ సెక్షన్ కింద మిగిలిపోయిన తరుగుదలను ఆ సంస్థకు ఉన్న ఇతర వ్యాపారాల లాభంలోంచి తీసుకోవచ్చు, ఎన్నేళ్లయినా ముందుకు తీసుకుపోవచ్చు. 35ఏడీ కింద వచ్చిన నష్టాన్ని మాత్రం 73ఏ సెక్షన్ ప్రకారం ఆ సెక్షన్‌లో పేర్కొన్న తరహా వ్యాపారాల లాభంలోంచే తీసుకోవాలి. పల్నాడులో పత్తి జిన్నింగ్ మిల్లు నడుపుతున్న సంస్థే పక్కన మిరప గిడ్డంగి కట్టిందనుకుంటే, మిల్లు లాభం గిడ్డంగి యంత్రాల సాధారణ తరుగుదలను ఏ ఏటికాయేడు మింగేసి 17.06 లక్షల పూర్తి విలువను ఇస్తుంది. 35ఏడీ నష్టం మాత్రం మిల్లు లాభాన్ని తాకలేదు. అదే సంస్థకు ఇప్పటికే లాభాల్లో ఉన్న మరొక శీతల గిడ్డంగి ఉంటే, ఆ లాభం 35ఏడీ నష్టాన్ని వేగంగా కరిగించి లెక్కను తిరిగి 27.86 వైపు నడిపిస్తుంది. 35ఏడీని ఎంచుకోవడం సంస్థ ఇష్టమే. కాని ఎంచుకున్న ఖర్చు మీద మళ్లీ తరుగుదల రాదు, ఆ ఆస్తిని ఎనిమిదేళ్లపాటు ఆ వ్యాపారానికే వాడాలి. 22 శాతం పన్ను రేటును ఎంచుకున్న కంపెనీలకూ, కొత్త పన్ను విధానంలో ఉన్న వ్యక్తులకూ ఈ మినహాయింపే లేదు. ఏ దారి మేలో చెప్పేది వేగం ఒక్కటే కాదు, ఆ వేగాన్ని మోయగల లాభం ఏ పుస్తకంలో ఉందన్నది.

సాధారణ తరుగుదల దారి పట్టిన సంస్థకు మిరప పంట కాలమే ఒక ఇబ్బంది తెస్తుంది. ఆస్తిని కొన్న ఏడాదిలో 180 రోజులకంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి సగం తరుగుదలే వస్తుందని 32వ సెక్షన్ చెబుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు సాగే ఆర్థిక సంవత్సరంలో, లీపు సంవత్సరం కానప్పుడు, 180 రోజులు నిండాలంటే యంత్రం అక్టోబరు 3లోపు పనిలోకి రావాలి. మిరప మాత్రం సంక్రాంతి తర్వాతే కల్లాలకు చేరుతుంది. గుంటూరు యార్డుకు సరుకు వెల్లువెత్తి ధర తగ్గే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే రైతు టిక్కీలను గిడ్డంగికి తరలిస్తాడు. సరుకు వచ్చే వేళకు గిడ్డంగి సిద్ధమైతే చాలనుకునే సంస్థకు మొదటి ఏడాది 15 లక్షలకు బదులు 7.5 లక్షల తరుగుదలే దక్కుతుంది. మిగిలిన సగం పోదు, తర్వాతి ఏళ్లలోకి జరుగుతుంది. కాని ఆ జరుగుబాటు ఖరీదు దాదాపు 96 వేలు, ఆదా విలువ 17.06 నుంచి 16.10 లక్షలకు తగ్గుతుంది. దీనికోసం ఖాళీ గిడ్డంగిని ఐదు నెలలు ముందుగా తెరవడం తెలివైన పని కాదు, ఎందుకంటే ఆ ఐదు నెలల వడ్డీయే ఇంతకంటే ఎక్కువ అవుతుంది. అయినప్పటికీ, ఫిబ్రవరిలో ప్రారంభమయ్యే గిడ్డంగికి రిపోర్టులో మొదటి ఏడాది పూర్తి తరుగుదల చూపడం తప్పే. 35ఏడీకి ఈ 180 రోజుల నిబంధన లేదు.

రాయితీ విషయం ఇంకా బరువైనది. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద శీతల గిడ్డంగులకు, సాధారణ ప్రాంతాల్లో, రుణంతో ముడిపడి 35 శాతం మూలధన రాయితీ వచ్చే ఏర్పాటు ఉంది. ఆస్తి ఖరీదులో ప్రభుత్వ రాయితీ భరించిన భాగాన్ని తీసివేసి మిగిలినదాన్నే అసలు ఖరీదుగా పరిగణించాలని 43వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌కు ఉన్న పదో వివరణ చెబుతుంది. కోటి రూపాయల యంత్రాలకు 35 లక్షలు రాయితీగా వస్తే తరుగుదల 65 లక్షల మీదే; పన్ను ఆదా విలువ 17.06 నుంచి 11.09 లక్షలకు తగ్గుతుంది. నగదు ప్రవాహాల్లో రాయితీని వచ్చిన సొమ్ముగా చూపి, తరుగుదలను మాత్రం పూర్తి కోటి మీద లెక్కించిన రిపోర్టు ఒకే మేలును రెండుసార్లు లెక్కించినట్లు అవుతుంది; దాదాపు ఆరు లక్షల విలువ గాలిలోంచి పుడుతుంది. అలాగే ఆస్తి కొనుగోలులో ఒక వ్యక్తికి ఒకే రోజున పది వేలకు మించి నగదుగా ఇచ్చిన చెల్లింపులు అసలు ఖరీదులోకి రావు. అవి తరుగుదలనూ ఇవ్వవు, 35ఏడీ మినహాయింపునూ ఇవ్వవు.

ఇలాంటి రిపోర్టును గుర్తుపట్టడానికి పైపై పరిశీలన చాలు. ప్రతి ఏడాదీ పన్ను సరిగ్గా పుస్తక లాభంలో 31.2 శాతంగానే ఉంటే పన్నుకు వేరే పట్టిక వేయలేదని అర్థం. చట్టపు తరుగుదల అన్న శీర్షిక కింద ఉన్న వరుస పదిహేనేళ్లకు సున్నాకు చేరితే అది తగ్గుతున్న నిల్వల పద్ధతి కాదు, ఎందుకంటే మిగిలినదానిలో 15 శాతం తీసే లెక్క ఎన్నటికీ సున్నాను తాకదు. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం రుణాత్మకమైన ఏడాదిలో పన్ను కూడా రుణాత్మకంగా, అంటే ప్రభుత్వమే డబ్బు తిరిగి ఇస్తున్నట్లుగా కనిపిస్తే, మిగిలిన తరుగుదలను ముందుకు తీసుకుపోయే వరుస ఆ పట్టికలో లేదని అర్థం.

కమిటీని కోరేది పరిమితమైన మార్పే. బ్యాంకు శాఖలకు పంపే ప్రాజెక్టు రిపోర్టు నమూనాలో, పుస్తక తరుగుదల పట్టికకు తోడుగా ఆదాయపు పన్ను చట్టం ప్రకారం బ్లాక్‌ల వారీ తరుగుదల పట్టిక తప్పనిసరి చేయాలి. అందులో యంత్రం పనిలోకి వచ్చే తేదీ, రాయితీ తీసివేసిన తర్వాతి ఖరీదు, 35ఏడీని ఎంచుకున్నారా లేదా అన్న ప్రకటన, ఏ ఏటికి ఎంత తరుగుదల లేదా నష్టం మిగిలి ముందుకు సాగిందన్న వరుస ఉండాలి. నగదు ప్రవాహాల్లోని పన్ను ఆ రెండో పట్టిక నుంచే రావాలి. పల్నాడు సంస్థలు వచ్చే పంటకాలపు రుణ ప్రతిపాదనలను సిద్ధం చేసుకునే లోపే ఈ అంశాన్ని కమిటీ తన త్రైమాసిక సమావేశం ఎజెండాలో చేర్చి, సవరించిన నమూనాను శాఖలకు పంపవలసిందిగా విజ్ఞప్తి.